ప్లింత్ బీమ్ మూల ఎవరి లెక్కలోకి వస్తుంది?

రాతి బేస్‌మెంట్ పైదాకా వచ్చి, దాని మీద ప్లింత్ బీమ్ పోయడానికి చెక్కలు బిగించే వేళకి ఇంటి యజమాని చేతికి ఓ చీటీ వస్తుంది. అందులో ఇలా ఉంటుంది: 30 + 30 + 20 + 20 + 20 = 120 అడుగులు. 120 × 0.75 × 1 = 90 ఘనపుటడుగులు. దాని కింద సిమెంటు ఇన్ని బస్తాలు, రింగులు ఇన్ని. కూడిక సరిగ్గానే ఉంది, గుణకారమూ సరిగ్గానే ఉంది. అయినా ఆ బీమ్‌లో 90 ఘనపుటడుగుల కాంక్రీటు పట్టదు.

ఇల్లు చిన్నదే. బయటి కొలత 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. మధ్యలో ఒక అడ్డగోడ, దానికి అటొక గది, ఇటొక గది. గోడలన్నీ 9 అంగుళాల ఇటుక గోడలు, కాలమ్స్ లేవు. గోడల కిందుగా, బేస్‌మెంట్ మీద చుట్టూ, అడ్డగోడ కింద కూడా, 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతున్న బీమ్ పోస్తారు. పునాది ఒకచోట కాస్త దిగి మరోచోట దిగకపోతే గోడలు చీలకుండా అన్నిటినీ కలిపి పట్టుకునేది ఇదే. ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బే నల్లరేగడి నేలల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ.

చీటీ రాసినాయన టేపు పట్టి నాలుగు వైపులా బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిచాడు. ముందు గోడ 30 అడుగులు కొలిచినప్పుడు ఎడమ మూల, కుడి మూల రెండూ అందులోకి వచ్చేశాయి. తర్వాత పక్క గోడ 20 అడుగులు కొలిచినప్పుడు అదే మూల మళ్లీ వచ్చింది. మూల అంటే గీత కాదు, 9 అంగుళాలు వెడల్పూ 9 అంగుళాలు పొడుగూ ఉన్న చదరం. అడుగు లోతుతో కలిపి చూస్తే 0.75 × 0.75 × 1, అంటే 0.5625 ఘనపుటడుగు. సుమారు అర ఘనపుటడుగు అనుకోండి. నాలుగు మూలలూ రెండేసి సార్లు లెక్కకొచ్చాయి. అడ్డగోడ బీమ్‌ని కూడా 20 అడుగులుగా తీసుకున్నారు కాబట్టి అది ముందు గోడ బీమ్‌ని, వెనక గోడ బీమ్‌ని తాకే రెండు చోట్లా అదే జరిగింది. మొత్తం ఆరు చోట్లు. 6 × 0.5625 = 3.375 ఘనపుటడుగులు చీటీలో ఎక్కువ పడ్డాయి.

దీన్ని సరిచేయడానికి తాపీ పనివాళ్లకి అలవాటైన పద్ధతి ఒకటుంది. పొడుగు గోడలకి మూలలు ఇచ్చేస్తారు. అంటే ముందు, వెనక బీమ్‌లు రెండూ పూర్తిగా 30 అడుగులు. పక్క బీమ్‌లు వాటి మధ్యలో ఇమిడేవి, కాబట్టి 20 అడుగుల్లోంచి అటు ముప్పావు అడుగు, ఇటు ముప్పావు అడుగు తీసేయాలి. మిగిలేది పద్దెనిమిదిన్నర అడుగులు. అడ్డగోడ బీమ్ కూడా అలాగే ముందు, వెనక బీమ్‌ల లోపలి అంచుల మధ్య ఇమిడేదే, అదీ పద్దెనిమిదిన్నరే. కూడితే 30 + 30 + 18.5 + 18.5 + 18.5 = 115.5 అడుగులు. ముప్పావుతో గుణిస్తే 86.625 ఘనపుటడుగులు. 90లోంచి 3.375 తీస్తే వచ్చేదీ ఇదే.

మూలలు పొడుగు గోడలకి కాకుండా పక్క గోడలకి ఇస్తే? బయటి చుట్టు వరకు చూద్దాం. పక్క బీమ్‌లు 20, 20, ముందూ వెనకా 28.5, 28.5. మొత్తం 97 అడుగులు. మొదటి పద్ధతిలో చుట్టు 30 + 30 + 18.5 + 18.5, అదీ 97. ఎవరికిచ్చినా ఫలితం మారదు, ఇద్దరికీ ఇవ్వకపోతే చాలు.

ఇంజనీర్లు ఎక్కువగా వాడేది మధ్యరేఖ పద్ధతి. బీమ్ వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత గీసి ఆ గీతని కొలుస్తారు. పొడుగు 30లోంచి ముప్పావు తీస్తే 29.25, వెడల్పు 20లోంచి తీస్తే 19.25. రెండేసి చొప్పున కలిపితే మళ్లీ 97. మూలలో ఒక బీమ్ గీత సగం దాకా వెళ్లి ఆగుతుంది, రెండో బీమ్ గీత అక్కడి నుంచి మొదలవుతుంది, అందుకే ఎవరూ రెండుసార్లు రారు. లోపలి అంచుల్ని మాత్రమే కొలిచేవాళ్లూ ఉన్నారు. వాళ్ల చుట్టు 94 అడుగులు వస్తుంది, నాలుగు మూలలూ లెక్కలోంచే పోతాయి. బయటి కొలతలో చుట్టుకి ఎంత ఎక్కువ పడుతుందో లోపలి కొలతలో సరిగ్గా అంతే తక్కువ పడుతుంది, 2.25 ఘనపుటడుగులు.

మధ్యరేఖ నమ్మకమైనదే, కానీ అడ్డగోడ దగ్గర మోసం చేస్తుంది. అడ్డగోడ గీత ముందు గోడ గీత దాకా వెళ్లి తాకుతుంది కాబట్టి దాని పొడవు 19.25 అని చదువుతాం. కానీ ముందు గోడ బీమ్‌లో సగం వెడల్పు అప్పటికే లెక్కలోకి వచ్చేసింది. అందుకని తాకిన ప్రతిచోటా సగం వెడల్పు, అంటే నాలుగున్నర అంగుళాలు తగ్గించాలి. రెండు చోట్లకి కలిపి 9 అంగుళాలు తగ్గితే పద్దెనిమిదిన్నర అడుగులు వస్తుంది. మూలల దగ్గర తగ్గించాల్సిన పని లేదు, గోడ వచ్చి తాకిన చోట మాత్రం ఉంది. ఈ తేడా తెలియక మూలల్లో కూడా తగ్గించేసి కాంక్రీటు తక్కువ తెప్పించుకునేవాళ్లని చూస్తుంటాం.

ఇంతా చేసి మిగిలిందెంత అని అడిగితే నిజం చెప్పాలి: సిమెంటులో ఒక బస్తా కూడా కాదు. ఎం20కి పాతకాలం నుంచి వాడుతున్న ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో లెక్కేస్తే 86.625 ఘనపుటడుగుల కాంక్రీటుకి దాదాపు 20 బస్తాల సిమెంటు, 36 ఘనపుటడుగుల ఇసుక, 73 ఘనపుటడుగుల 20 మి.మీ. కంకర పడతాయి. చీటీలో ఎక్కువ రాసిన ఆ 3.375 ఘనపుటడుగులకి సిమెంటు ముప్పావు బస్తా. వృథాకి ఒక బస్తా ఎక్కువ తెచ్చుకుంటే అందులోనే కలిసిపోతుంది. డ్రాయింగ్‌లో ఎం25 అని ఉంటే మాత్రం ఈ పాళ్లు పనికిరావు, ఇంజనీరు ఇచ్చిన మిక్స్ ప్రకారమే పోవాలి.

అయినా ఈ లెక్క నేర్చుకోవడం దండగ కాదు. మూలలో రెండుసార్లు పడేది వెడల్పుని వెడల్పుతో గుణించిన చదరం. వెడల్పు రెట్టింపైతే తప్పు నాలుగు రెట్లవుతుంది. అదే ఇంటికి 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు పునాది గోతులు తీశారనుకోండి. ఒక్కో మూలలో రెండుసార్లు పడేది 3 × 3 × 3, అంటే 27 ఘనపుటడుగుల మట్టి. ఆరు చోట్లకి 162. బీమ్‌లో ముప్పావు బస్తాగా కనిపించిన పొరపాటు తవ్వకం బిల్లులో ట్రాక్టర్ ట్రక్కు దాటిపోతుంది. ఘనపుటడుగుకి ఇంత అని కూలి మాట్లాడుకున్న ఇంట్లో మొదట చూడాల్సింది గోతుల లెక్క, తర్వాత రాతి కట్టడం, ఆ తర్వాతే బీమ్.

బీమ్ దగ్గర అసలు కాంక్రీటు తినేది మూలలు కాదు, లోతు. రాతి బేస్‌మెంట్ పైభాగం ఎగుడుదిగుడుగా ఉండి బీమ్ లోతు సగటున అర అంగుళం పెరిగిందనుకుందాం. 115.5 అడుగుల పొడవు, ముప్పావు అడుగు వెడల్పు మీద ఆ అర అంగుళానికి 3.6 ఘనపుటడుగులు పడుతుంది. ఆరు మూలల తప్పుకన్నా ఇదే కాస్త ఎక్కువ. కాబట్టి మిక్సర్ ఆగాక 20 బస్తాలకి బదులు 21 పట్టిందంటే మేస్త్రీని అనుమానించే ముందు రాయి మీద లెవెల్ చేశారా లేదా చూసుకోవాలి. నీళ్ల ట్యూబుతో నాలుగు మూలలూ, అడ్డగోడ రెండు చివరలూ సరిచూసి, పల్లాల్లో సన్నటి బెడ్ వేసి, ఆ తర్వాత బీమ్ ఇనుము పరిస్తే ఈ అర అంగుళం మిగులుతుంది.

ఇక రింగులు. ఇంజనీర్లు స్టిరప్స్ అనేవాటినే సైట్లో రింగులంటారు. 9 × 12 బీమ్‌కి రాడ్ బెండర్లు అడగకుండానే 6 × 9 రింగు వంచుతారు. అన్ని వైపులా ఒకటిన్నర అంగుళం కాంక్రీటు కవర్ ఉంటుంది, మట్టిని తాకే బీమ్‌కి అది మంచిదే. చుట్టుకొలత 30 అంగుళాలు, లోపలికి మడిచే రెండు కొక్కేలకి మూడేసి అంగుళాలు. మొత్తం 3 అడుగుల ముక్క. వంపుల దగ్గర కొంచెం కలిసొస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

రింగుకీ రింగుకీ మధ్య 6 అంగుళాలు అనుకుందాం. ఐఎస్ 456 ప్రకారం ఈ దూరం బీమ్ ఉపయోగపు లోతులో ముప్పాతిక వంతు దాటకూడదు, 300 మి.మీ. కూడా దాటకూడదు. కింది రాడ్డు మధ్య నుంచి బీమ్ పైఅంచు దాకా ఉన్నది ఉపయోగపు లోతు. ఇక్కడ అది సుమారు 10 అంగుళాలు, కాబట్టి హద్దు ఏడున్నర అంగుళాలు. ఎనిమిదికొకటి కడతాం అని ఎవరైనా అంటే ఈ బీమ్‌కి అది కుదరదు.

లెక్క ఒక్కో బీమ్‌కి విడిగా వేయాలి. ముందు గోడ బీమ్ 360 అంగుళాలు. రెండు చివర్లా రెండేసి అంగుళాలు వదిలితే 356. ఆరుతో భాగిస్తే 59 దాటి కొంచెం. ఆ కొంచెాన్ని వదిలేస్తే ఎక్కడో ఒక చోట దూరం 6 అంగుళాలు దాటుతుంది, అందుకని 60 ఖాళీలుగా సర్దుకోవాలి. 60 ఖాళీలకి 61 రింగులు. కంచెకి గుంజలు పాతినట్టే, ఖాళీలకన్నా గుంజ ఎప్పుడూ ఒకటి ఎక్కువ ఉంటుంది. ముందూ వెనకా కలిపి 122.

పక్క బీమ్‌కి మూలలు లేవు, అవి పొడుగు గోడకి ఇచ్చేశాం. లోపలి అంచుల మధ్య 222 అంగుళాలు, చివర్లు పోను 218. ఆరుతో భాగిస్తే 36 దాటింది, 37 ఖాళీలు, 38 రింగులు. పక్క బీమ్‌లు రెండు, అడ్డగోడ ఒకటి, మూడిటికి 114. మొత్తం 236 రింగులు.

చీటీలో లాగా పక్క బీమ్‌ని 20 అడుగులుగా తీసుకుంటే ఒక్కోదానికి 41 పడేవి, మూడిటికి 9 రింగులు ఎక్కువ. చిత్రమేమిటంటే దీనివల్ల కొనే ఇనుము పెరగదు. 12 మీటర్ల 8 మి.మీ. రాడ్డు నుంచి 13 రింగులు వస్తాయి. 236కైనా 19 రాడ్లే, 245కైనా 19 రాడ్లే. పెరిగేది వంచే కూలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ తొమ్మిదీ ఎక్కడ కడతారు? వంచినవి మిగిలిపోకూడదని తీసుకెళ్లి మూలల్లోనే దూరుస్తారు. పొడుగు బీమ్ రింగులు అప్పటికే ఆ చదరంలో ఉంటాయి. వాటికి అడ్డంగా పక్క బీమ్ రింగులు చేరితే 9 అంగుళాల చోటులో ఇనుము అల్లుకుపోయి 20 మి.మీ. కంకర కిందికి దిగదు, వైబ్రేటర్ సూది కూడా దూరదు. చెక్కలు విప్పాక మూలల్లో కంకర రాళ్లు విడివిడిగా, వాటి మధ్య సందులతో కనిపిస్తే కారణం సాధారణంగా ఇదే. బీమ్‌లో మిగతా అంతా నున్నగా ఉండి మూలలు మాత్రమే అలా ఉంటే సందేహమే లేదు.

కాంక్రీటు మూలని ఒక్కసారే లెక్కపెట్టాలనే సూత్రాన్ని నిలువు పొడవునా పడుకునే రాడ్లకి కూడా వర్తింపజేసేవాళ్లున్నారు. అక్కడే అసలు నష్టం జరుగుతుంది. కాంక్రీటు చోటుని నింపేది, ఒకే చోటుని రెండుసార్లు నింపలేం. రాడ్డు అలా కాదు. మూలలో ముందు గోడ రాడ్డు పక్క గోడలోకి తిరిగి, పక్క గోడ రాడ్డుని పట్టుకుని కొంత దూరం వెళ్లాలి. అప్పుడే ఆ మూల విచ్చుకోకుండా ఉంటుంది. అంటే మూలలో ఇనుము నిజంగానే రెండు పొరలుగా ఉంటుంది, లెక్కలో కూడా రెండూ రాయాలి. ఎం20 కాంక్రీటులో 12 మి.మీ. ఫె500 రాడ్డుకి ఈ తిరిగిన కాలు రెండుంబావు అడుగులైనా ఉండాలి. బీమ్‌కి పైన రెండు, కింద రెండు, నాలుగు రాడ్లు. నాలుగు మూలలకి 4 × 4 × 2.25, అంటే 36 అడుగులు. అడ్డగోడ బీమ్ రెండు చివర్లా కూడా రాడ్లు ముందు, వెనక బీమ్‌లలోకి తిరగాలి, దానికి 18 అడుగులు. మొత్తం 54 అడుగులు, బరువులో 14 కిలోల పైచిలుకు. మూలల్లో కాంక్రీటు తగ్గించి ముప్పావు బస్తా మిగిల్చుకున్నవాళ్లు ఈ 14 కిలోలు కూడా మిగుల్చుకుందామని చూస్తే మిగిలేది ఇల్లు కాదు.

దీన్ని చూడటానికి ఇంజనీరే అక్కర్లేదు. కాంక్రీటు పోసే ముందు మూల దగ్గర నిలబడి పైనుంచి చూడాలి. ముందు గోడ రాడ్లు తిన్నగా వచ్చి చెక్కకి రెండంగుళాల దూరంలో తెగిపోయి ఉంటే, పక్క గోడవీ అలాగే తెగిపోయి ఉంటే, ఆ రెండు బీమ్‌లూ ఒకదాన్నొకటి ఆనుకున్నాయే గాని కట్టుకోలేదు.

“మేస్త్రీ గారూ, ఈ రాడ్లు మూల తిరగలేదేం?”

“రింగులు గట్టిగా పట్టుకుంటాయి సార్, ఏం కాదు.”

రింగు పని అది కాదు. రింగు బీమ్‌ని అడ్డంగా కోత పడకుండా ఆపుతుంది, రెండు బీమ్‌లని కలపదు. తిన్నగా తెగిన రాడ్లకి అదే మందంలో ఎల్ ఆకారపు ముక్కలు వంచి, రెండు వైపులా రెండుంబావు అడుగులు పరిచి, బైండింగ్ వైరుతో కట్టిస్తే అప్పటికైనా సరిపోతుంది.

కాలమ్స్ వేసి కడుతున్న ఇల్లయితే మూల మూడో మనిషి సొత్తు. ఇదే ఇంటికి నాలుగు మూలల్లో నాలుగు, అడ్డగోడ తాకే చోట రెండు, మొత్తం ఆరు కాలమ్స్, ఒక్కోటి 9 × 12, 12 అంగుళాల వైపు పొడుగు గోడ వెంట ఉందనుకుందాం. ఐఎస్ 1200 రెండో భాగం ప్రకారం బీమ్‌ని కాలమ్ అంచు నుంచి కాలమ్ అంచు దాకా కొలవాలి. అందులోని ఇనుము ఆక్రమించే చోటుకి కాంక్రీటులో ఏమీ తగ్గించనక్కర్లేదని కూడా అందులోనే ఉంది. పొడుగు గోడలో మూడు కాలమ్స్ పోను 27 అడుగులు, పదమూడున్నర చొప్పున రెండు ముక్కలు. ముందూ వెనకా కలిపి 54 అడుగులు. పక్కవి, అడ్డగోడది మారలేదు, 18.5 చొప్పున మూడు, 55.5. మొత్తం 109.5 అడుగులు, ముప్పావుతో గుణిస్తే 82.125 ఘనపుటడుగులు.

రింగుల్ని కూడా ముక్కముక్కకీ విడిగా లెక్కపెట్టాలి. పదమూడున్నర అడుగుల ముక్కకి 28, అలాంటివి నాలుగు, 112. మిగతా మూడిటికి 114. మొత్తం 226. కాలమ్ లోపల బీమ్ రింగులు ఉండవు, అక్కడ కాలమ్ రింగులే నడుస్తాయి. వాటిని బీమ్ లోతులో కట్టకుండా వదిలేయడం మాత్రం తప్పు. డ్రాయింగ్‌లో కాలమ్ దగ్గర రింగులు దగ్గర దగ్గరగా, మధ్యలో దూరంగా అని ఉంటే ఆ రెండు భాగాలనీ మళ్లీ విడిగా లెక్కపెట్టాలి, సగటు తీస్తే కుదరదు.

బీమ్ లోతులో ఆరు కాలమ్స్‌ది ఒక్కోటి ముప్పావు ఘనపుటడుగు, మొత్తం నాలుగున్నర. 82.125కి దాన్ని కలిపితే 86.625. కాలమ్స్ లేని ఇంటికి వచ్చిన అంకే. ఇంట్లో పట్టే కాంక్రీటు మారలేదు, ఆ నాలుగున్నర బీమ్ వరుసలోంచి కాలమ్ వరుసలోకి వెళ్లింది. బిల్లు వచ్చినప్పుడు ఈ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. కాలమ్ ఎత్తుని ఫుటింగ్ పైనుంచి తెగకుండా పైదాకా కొలిచి, బీమ్‌ని మళ్లీ 115.5 అడుగులుగా రాసి ఉంటే నాలుగున్నర ఘనపుటడుగులు రెండుసార్లు పడ్డాయి. బీమ్ 120 అడుగులని ఉంటే దానికి మూలలవి మరో 3.375 కలిసి 7.875 అవుతుంది. కాలమ్‌ని బీమ్ అడుగు దాకా కొలిచి ఆపి, బీమ్ పైనుంచి మళ్లీ మొదలుపెట్టి ఉంటే 115.5 సరైనదే, అప్పుడు దాన్ని ప్రశ్నించాల్సిన పని లేదు.